తాతయ్య దీవెన ఇంగ్లీషులో ఎందుకు భయపెట్టింది?

ప్రశ్న: మా మామయ్యగారికి 78 ఏళ్ళు. అమలాపురం దగ్గర పల్లెలో ఉంటారు. మా అమ్మాయి డబ్లిన్‌లో ఎమ్మెస్ చదువుతోంది. పుణెలో పుట్టి పెరిగింది, తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. మామయ్యగారు దానికి ఆశీస్సులతో నాలుగు పేజీల ఉత్తరం రాసి, ఇంగ్లీషులోకి మార్చి పంపమన్నారు. వాక్యం వాక్యం చూసుకుంటూ మార్చి, ఇంగ్లీషు ఒక్కటే పంపాను. అది చదివి రాత్రి ఫోన్ చేసి “తాతయ్యకి ఏమైంది? నా దగ్గర దాస్తున్నారా?” అని ఒకటే ఏడుపు. ఆయన హాయిగా ఉన్నారు. నేనెక్కడ తప్పు చేశాను? ఉత్తరం నకలు, నా అనువాదం రెండూ పంపుతున్నాను. మళ్ళీ రాసి పంపాలంటే ఎలా రాయాలి?
– ఒక కోడలు, పుణె

సమాధానం:

అమ్మా, రెండూ పక్కపక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. అమ్మాయిని ఏడిపించిన వాక్యం మూడో పేజీలో ఉంది. మామయ్యగారు రాసింది ఇది: “నా ఆయుష్షు కూడా పోసుకుని నూరేళ్ళు చల్లగా బతుకు తల్లీ.” దీన్ని మీరు రెండు వాక్యాలు చేశారు. మొదటిది “టేక్ మై రిమైనింగ్ లైఫ్ ఆల్సో.” రెండోది “లివ్ కోల్డ్లీ ఫర్ హండ్రెడ్ ఇయర్స్, మదర్.”

మొదటి వాక్యం సంగతి చూద్దాం. తెలుగులో “పోసుకుని” అసమాపక క్రియ. అది సొంతంగా నిలబడదు, వెనక వచ్చే “బతుకు” మీద ఆనుకుని ఉంటుంది. చదివేవాళ్ళు ఆయుష్షు దగ్గర ఆగరు, నూరేళ్ళ మీదికి వెళ్ళిపోతారు. మీరు అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టేసరికి అది విడి వాక్యమై, విడి కబురైపోయింది. పైగా “రిమైనింగ్” అన్న మాట మామయ్యగారు రాయలేదు, మీరు చేర్చారు. ఆ ఒక్క మాటతో తాతయ్య తనకి మిగిలిన రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టు అయింది. అదీగాక ఇంగ్లీషులో “టేక్ మై లైఫ్” అంటే “నా ప్రాణం తీసెయ్” అనే అర్థం ముందు తడుతుంది. అర్ధరాత్రి పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న పిల్ల అది చదివితే గుండె ఆగినంత పనవుతుంది.

మన ఇళ్ళలో ఈ మాట ఎప్పుడు వస్తుందో మీకు తెలుసు. పిల్లాడు పరీక్ష ప్యాసై కాళ్ళకి దండం పెట్టినా, మనవరాలు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చినా పెద్దవాళ్ళ నోట “నా ఆయుష్షు కూడా పోసుకో” అని వస్తుంది. ఒంట్లో బాగాలేనప్పుడు అనే మాట కాదది, మనసు నిండినప్పుడు అనే మాట. కాబట్టి వాక్యాన్ని విరగ్గొట్టకుండా, నూరేళ్ళని ముందుకు తెచ్చి, ఆయుష్షుని వెనక్కి పంపండి. నేనైతే ఇలా రాస్తాను: “మే యూ లివ్ సేఫ్ అండ్ వెల్ ఫర్ ఎ హండ్రెడ్ ఇయర్స్, తల్లీ, అండ్ ఇఫ్ ఎ బ్లెస్సింగ్ కుడ్ డూ ఇట్, ఐ వుడ్ యాడ్ మై ఇయర్స్ టు యువర్స్.” ఇందులో “ఇఫ్” ముఖ్యం. ఇది కోరిక, కబురు కాదు అని ఇంగ్లీషు పాఠకుడికి చెప్పేది ఆ మాటే. తెలుగులో ఆ అవసరం లేదు. దీవెన స్వరం “బతుకు” అన్న క్రియలోనే ఉంది, వినేవాళ్ళకి అది పుట్టుకతో తెలుసు.

అయితే ఆ ఒక్క వాక్యం మీదే తప్పు వెయ్యను. ఉత్తరం పైభాగంలో మీరు కొన్ని లైన్లు వదిలేశారు. అవి ఉంటే మూడో పేజీ దగ్గర అమ్మాయి అంత కంగారు పడేది కాదు.

మామయ్యగారి ఉత్తరం ఇలా మొదలైంది: “చి. మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, మీ నానమ్మ క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను.” మీ అనువాదం “డియర్ గ్రాండ్‌డాటర్” అని మొదలై నేరుగా వానల దగ్గరికి వెళ్ళిపోయింది. ఎందుకు వదిలేశారో అర్థమైంది. ప్రతి ఉత్తరంలోనూ ఉండే ముక్కే కదా, ఇంగ్లీషులో ఎబ్బెట్టుగా ఉంటుందని అనుకుని ఉంటారు. కానీ ఆ ఉత్తరంలో “నేను బాగున్నాను” అని ఉన్న చోటు అదొక్కటే.

ఉభయకుశలోపరి అన్నది ఉభయ, కుశల, ఉపరి అనే మూడు మాటల కలయిక. ఇరువైపుల క్షేమం చెప్పుకున్నాక, ఆ పైన సంగతులు అని అర్థం. ఉత్తరం వచ్చిందంటే ఎవరికేమైందో అని ఇల్లంతా హడలిపోయే రోజుల్లో, పోస్ట్‌మ్యాన్ చేతి నుంచి తీసుకున్నవాళ్ళ కళ్ళు ముందు వెతికేది ఆ మాట కోసమే. అది కనబడ్డాక ఊపిరి పీల్చుకుని మిగతాది తీరిగ్గా చదువుకునేవాళ్ళు. మామయ్యగారు ఆ తరం మనిషి. ముందు క్షేమం చెప్పారు కాబట్టే మూడో పేజీలో ఆయుష్షు మాట నిశ్చింతగా రాయగలిగారు. మీరు పునాది తీసేసి పై అంతస్తు పంపారు.

అందుకని ఆ లైన్లు వెనక్కి తెచ్చి, మామూలు ఇంగ్లీషులో పెట్టండి: “యువర్ నానమ్మ అండ్ ఐ ఆర్ బోత్ వెల్ హియర్, అండ్ ఐ ట్రస్ట్ యూ ఆర్ వెల్ దేర్.” ఉభయకుశలోపరి అన్న మాటని మాత్రం పైన ఉన్నదున్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, తర్వాత ఈ వాక్యం ఇవ్వండి. మీ అమ్మాయి తెలుగు వింటుంది కదా, ఆ మాట చప్పుడు దానికి అందాలి.

ఇక్కడే మీకొక ఆధారం ఇస్తాను. మీ అమ్మాయికి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. చిన్నప్పటి నుంచీ చెవిన పడ్డ మాటల్ని ఇంగ్లీషు చెయ్యకండి, ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే ఉంచండి. తాతయ్య, నానమ్మ, తల్లీ అలాంటివే. సెలవులకి వచ్చిన ప్రతిసారీ ఆయన నోట “తల్లీ” అని పిలిపించుకున్న పిల్లకి మీరు “మదర్” అని రాశారు. ఉత్తరంలో అది ఆరుసార్లు వచ్చింది. కొన్నిచోట్ల తాతయ్య మీతో మాట్లాడుతున్నాడో, తనతో మాట్లాడుతున్నాడో ఆ పిల్లకి తెలియకుండా పోయింది.

“చిరంజీవి” మాత్రం వేరు. దాన్ని పెళ్ళి కార్డుల మీద చూసి ఉంటుంది కానీ తనకి ఎవరూ రాసి ఉండరు. దాన్ని “డియర్” చేశారు. డియర్ అని ఎవరికి ఎవరైనా రాస్తారు. మనవరాలు తాతకీ రాయొచ్చు, బ్యాంకు వాళ్ళు మనకీ రాస్తారు. చిరంజీవి అలా కాదు, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకే రాస్తారు. పేరు కన్నా ముందే “చాలాకాలం బతుకు” అని దీవించాకే ఉత్తరం మొదలవుతుంది. నాలుగు పేజీల దీవెనల్లో మొదటిది ఆ చిన్న “చి.” అన్న అక్షరం. “చిరంజీవి” అని పూర్తిగా విప్పి రాసి, పక్కనే “మే యూ బి లాంగ్-లివ్డ్” అని చేర్చండి. కుదించిన అక్షరాన్ని అలాగే వదిలితే ఇంగ్లీషులో అది ఏమీ చెప్పదు.

“చల్లగా” దగ్గర మీరే కాదు, నేనూ చాలాసార్లు తడబడ్డాను. ముప్పై ఏళ్ళుగా అనువాదమే నా పని. అయినా ఈ మాట వచ్చినప్పుడల్లా పెన్ను ఆగుతుంది. ఎండలు మండే నేలలో సుఖమంతా చల్లదనంలోనే ఉంటుంది. అందుకే చల్లని చూపు అంటాం, చల్లని తల్లి అంటాం, మంచి కబురు చెప్పినవాళ్ళని “నీ కడుపు చల్లగుండ” అంటాం. చలిదేశాల భాష ఇంగ్లీషు. దానికి ఆప్యాయత అంటే వెచ్చదనం. కోల్డ్ అంటే మనసు లేకపోవడం. అలాగని చల్లగా అన్నచోట “వార్మ్” అని రాస్తే అర్థం సరిపోతుంది గానీ, మాట్లాడేది కోనసీమ తాతయ్యలా ఉండదు, ఇంకెవరో అయిపోతారు. నా మటుకు నేను “సేఫ్ అండ్ వెల్” వైపు మొగ్గుతాను. ఈ ఉత్తరంలో చల్లగా మూడుసార్లు ఉంది. రెండుచోట్ల “సేఫ్ అండ్ వెల్” అని రాసి, చివరి దాన్ని మాత్రం “చల్లగా” అనే ఉంచి, పక్కన ఇంత చెప్పండి: మే నెల ఎండలో వేపచెట్టు కింద కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉండమని తాతయ్య అంటున్నాడు. వేసవి సెలవుల్లో ఆ ఊరికి వెళ్ళిన పిల్లే కదా, దానికి ఆ నీడ గుర్తుంటుంది.

దీవెనల వరుస మీద ఇంకొక్క మాట. రెండో పేజీలో ఎనిమిది ఆశీర్వాదాలు ఉన్నాయి, ఎనిమిదింటినీ మీరు “మే యూ” తోనే మొదలుపెట్టారు. తెలుగులో ఆయన ఒకచోట “సిద్ధిరస్తు” అని, ఒకచోట “కలుగుగాక” అని, ఒకచోట “వర్ధిల్లు”, ఇంకోచోట “బాగా చదువుకోవాలి మరి” అని రాశారు. సంస్కృతం నుంచి వీధి అరుగు మాట దాకా ఆయన స్వరం మారుతూ వచ్చింది. మీ ఇంగ్లీషులో అవన్నీ ఒకే మూసలో పడి, చర్చిలో చదివే ప్రార్థనలా బిగుసుకుపోయాయి. “మే యూ” రెండు మూడుచోట్ల చాలు, అదీ సంస్కృతం ఉన్నచోటే. “బాగా చదువుకోవాలి మరి” అన్నది దీవెన కాదు, తాతయ్య చనువు. దాన్ని “నౌ స్టడీ వెల్, ఓకే?” అని హాయిగా రాసెయ్యండి.

చివర్లో ఉన్న “శతమానం భవతి శతాయుః పురుషః శతేంద్రియ ఆయుష్యేవేంద్రియే ప్రతితిష్ఠతి” అన్నదానికి మీరు “ఇట్ బికమ్స్ హండ్రెడ్” అని రాసి ఆపేశారు. దాన్ని వాక్యంగా మార్చే ప్రయత్నమే వద్దు. అది వేదాశీర్వచనం. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా అక్షింతలు వేస్తూ చదువుతారు కాబట్టి అమ్మాయి వినే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో మొత్తం రాసి, కింద ఒక్క లైనులో భావం చెప్పండి: మనిషికి ఆయుష్షు నూరేళ్ళు, ఆ నూరేళ్ళూ కళ్ళూ చెవులూ కాళ్ళూ చేతులూ వాటి శక్తితో నిలవాలి. ఊరికే నూరేళ్ళు కాదు, ఓపికతో నూరేళ్ళు. ఆ రెండో సగం పోనివ్వకండి.

ఇంక నా మనసుకి బాగా పట్టిన చోటుకి వస్తాను. ఉత్తరం కుడిమూల మామయ్యగారు తేదీ ఇలా వేశారు: “విశ్వావసు నామ సంవత్సర కార్తీక శుద్ధ చవితి, నాగుల చవితి.” మీరు అది తీసేసి 2025 అక్టోబరు 25 అని వేశారు. తేదీ సరైనదే. కానీ రెండో పేజీ కింద ఆయన రాసింది చూడండి: “నేను ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి కాకినాడ చదువుకి పోయిన ఏడూ విశ్వావసే, నువ్వు విమానం ఎక్కిన ఏడూ విశ్వావసే.” పైన విశ్వావసు పోయింది కాబట్టి ఇక్కడ ఏం చెయ్యాలో తోచక “ఐ టూ లెఫ్ట్ హోమ్ వెన్ ఐ వాస్ యంగ్” అని సర్దేశారు.

అమ్మా, ఈ ఉత్తరం మొత్తం ఆ వాక్యం కోసమే రాశారేమో అనిపించింది నాకు. తెలుగు సంవత్సరాలు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి, మళ్ళీ ప్రభవ దగ్గరికి వస్తాయి. ఒక పేరు తిరిగి రావడానికి సరిగ్గా అరవై ఏళ్ళు పడుతుంది. 2025 ఉగాదికి వచ్చిన విశ్వావసు అంతకుముందు 1965లో వచ్చింది. 2025లో 78 అంటే అప్పుడు మామయ్యగారికి 18. ఆ రోజుల్లో యానాం దగ్గర గౌతమి మీద వంతెన లేదు. కోనసీమ నుంచి అటుగా కాకినాడ వైపు పోయేవాళ్ళు ఎదుర్లంకలో పంటు మీద గోదావరి దాటేవాళ్ళు. ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని ఆ రేవులో నిలబడ్డ కుర్రాడు, చక్రం ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి తాతయ్యై, మనవరాలి ప్రయాణాన్ని తన ప్రయాణం పక్కన పెట్టుకుని చూసుకుంటున్నాడు. ఇంగ్లీషు తేదీలో అది కనబడదు.

ఇంత కథా ఉత్తరంలో ఇరికించకండి. పైన తేదీ రెండు రకాలుగానూ వెయ్యండి. పంటు వాక్యాన్ని ఇలా పెంచండి: అరవై ఏళ్ళకోసారి తిరిగి వచ్చే విశ్వావసు అనే ఏడాదిలో, 1965లో, నేను ఎదుర్లంకలో పంటు ఎక్కాను, అదే పేరున్న ఏడాదిలో నువ్వు విమానం ఎక్కావు. అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుందన్న ముక్కా, 1965 అన్న అంకే ఆ వాక్యంలోకి కొత్తగా వచ్చాయి, తక్కినదంతా ఆయనదే. పంటుకి “బోట్” అని రాశారు. పడవ వేరు, పంటు వేరు. మనుషులతో పాటు బళ్ళూ సైకిళ్ళూ ఎక్కించి దాటించే బల్లపరుపు అది. “ఫెర్రీ” అంటే సరిపోతుంది.

ఇలాంటిదే ఇంకొకటి, చిన్నది, కానీ ఎవరూ పట్టించుకోనిది. “మన పెరట్లో ఉసిరి విరగకాసింది” అని రాసి, రెండు లైన్ల కింద “మా కాలేజీ రోజుల్లో” అని రాశారు. రెండింటికీ మీరు “అవర్” అనే పెట్టారు. ఇంగ్లీషులో ఇంకో మాట లేదు, నిజమే. కానీ తెలుగులో “మన” అన్నప్పుడు వినే మనిషి లోపల ఉంటుంది, “మా” అన్నప్పుడు బయట ఉంటుంది. కాలేజీ ఆయనదీ ఆయన స్నేహితులదీ, పెరడు మాత్రం డబ్లిన్‌లో ఉన్న ఆ పిల్లది కూడా. ఆ పిల్ల ఇల్లు వదిలి రెండు నెలలు కాలేదు, ఆ “మన” పోగొడితే ఎలా? “ది ఉసిరి ట్రీ ఇన్ అవర్ బ్యాక్‌యార్డ్, యువర్స్ అండ్ మైన్” అని రాయండి. కాలేజీకి ఉత్త “మై కాలేజ్” చాలు.

ఇప్పుడు మళ్ళీ పంపే పద్ధతి. ఈసారి ఇంగ్లీషు ఒక్కటే పంపకండి. పేజీకి పేజీ ఫోటో తీసి, ఎడమవైపు ఆయన చేతిరాత, కుడివైపు మీ అనువాదం ఉండేలా పెట్టండి. మీరు పంపిన నకలులో నాలుగు మూలలా ఏదో మరకలా ఉంది. అది పసుపే కదా? శుభలేఖకి పెట్టినట్టు పెట్టారు. ఫోటోలో చూస్తే కాఫీ ఒలికినట్టు ఉంటుంది, అందుకని అదేమిటో కింద రాయండి. అసలు కాగితం మాత్రం లామినేషన్‌కి ఇవ్వకండి. ఆ వేడికి సిరా ఏమవుతుందో చెప్పలేం, తర్వాత ఊడదియ్యడం కుదరదు. మడతపెట్టి కవర్లో పెట్టి పంపండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

మామయ్యగారిని ఒకసారి ఉత్తరం పైకి చదవమని ఫోన్‌లో రికార్డు చెయ్యండి. చదవలేని పిల్ల వినగలదు. ఆయన గొంతులో “నా ఆయుష్షు కూడా పోసుకుని” అని వినగానే, ఆ మాట ఎంత సంతోషంగా అన్నారో దానికే తెలుస్తుంది. అనువాదం అర్థానికి, గొంతు స్వరానికి.

పంపే ముందు రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి, మీ ఇంగ్లీషుని మామయ్యగారికి తిరిగి తెలుగులో చెప్పండి, కాగితం చూడకుండా, మీ మాటల్లో. “నేనలా అనలేదే” అని ఆయన ఎక్కడ ఆపితే అక్కడ దిద్దండి. రెండోది, తెలుగు రాని పుణె స్నేహితురాలు ఎవరికైనా ఆ ఇంగ్లీషు ఇచ్చి, చదివాక ఒక్కటే అడగండి: “ఈయన ఆరోగ్యం ఎలా ఉందంటావు?” ఆమె ఒక్క క్షణం తటపటాయించినా, ఏ వాక్యం దగ్గర అలా అనిపించిందో చూపించమనండి. ఈ పరీక్ష ముందే పెట్టి ఉంటే ఆ రాత్రి ఫోన్ వచ్చేది కాదు.

అమ్మాయికి మాత్రం ఇవాళే ఫోన్ చేసి, ఫోన్ తాతయ్య చేతికివ్వండి. అనువాదం తయారయ్యేదాకా దాన్ని టెన్షన్‌లో ఉంచడం మంచిది కాదు. “అమ్మ రాసిన ఇంగ్లీషులో తేడా వచ్చింది” అని మీరే చెప్పండి, ఆయన ఉత్తరంలో తప్పుందని ఆయనకి అనిపించనివ్వకండి. మళ్ళీ రాయడానికి జంకుతారు.

ఇంకొకటి మర్చిపోయారు. నాలుగో పేజీ ఎడమ అంచున, నిలువుగా, వేరే చేతిరాతతో ఒక లైను ఉంది: “కందిపొడి డబ్బా మూత గట్టిగా పెట్టు, చెమ్మ తగిలితే గడ్డ కడుతుంది.” అది మీ అత్తగారు రాసి ఉంటారు. మీ అనువాదంలో ఎక్కడా లేదు. దాన్నీ ఇంగ్లీషు చేసి, అంచునే, నిలువుగానే రాయండి. కింద “నానమ్మ” అని వెయ్యండి. తెలుగు చదవలేని పిల్లకి రెండు చేతిరాతల తేడా తెలియదు.